నాన్న అడుగుతున్న ఇంకో ఏడాది

మేడమ్, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నాన్న మిర్చి వేస్తారు. ఇంటర్ బైపీసీ అయ్యాక విజయవాడలో ఒక ఏడాది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ చేశాను. నీట్‌లో మొదటిసారి 318, ఈసారి 389 వచ్చాయి. ఫిజిక్స్ రెండుసార్లూ నలభై దగ్గరే ఆగింది. నాన్నేమో "డెబ్భై మార్కులు పెరిగాయిగా, ఇంకో ఏడాది కూర్చో. అప్పటికీ రాకపోతే ఎకరం అమ్మైనా బి కేటగిరీ మేనేజ్‌మెంట్ సీట్లో చేరుస్తా" అంటున్నారు. నాకు అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని ఉంది. మా తోటకు నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం నుంచి ఒక మేడమ్ వచ్చి, పువ్వుని తెల్లకాగితం మీద దులిపి పురుగుల్ని చూపించారు. అప్పటినుంచీ అదే మనసులో ఉంది. ఈఏపీసెట్‌లో ఆరు వేల చిల్లర ర్యాంకు వచ్చింది. ఈ మాట ఎత్తితే చాలు, నాన్న అన్నం ముందు నుంచి లేచిపోతున్నారు. అమ్మ ఏడుస్తోంది. వచ్చే వారం లాంగ్ టర్మ్ ఫీజు కడతారట. ఏం చెయ్యను?
— 19 ఏళ్ల అమ్మాయి

అమ్మా,

ముందు ఆ ఫీజు సంగతి చూద్దాం. మిగతా మాటలన్నీ దాని తర్వాతే. ఒక్కసారి డబ్బు కట్టాక "కట్టిన డబ్బు పోతుంది" అన్న మాట ఒక్కటే ఇంట్లో మిగులుతుంది, నువ్వేం చెప్పినా దాని కింద పడి నలిగిపోతుంది. అందుకని ఈ వారంలో నువ్వు నాన్నని అడగాల్సింది అగ్రికల్చర్ సీటు కాదు, పది రోజుల గడువు. "నాన్నా, లాంగ్ టర్మ్ వద్దని అనట్లేదు. ఫీజు కట్టే ముందు పది రోజులు ఆగు. నా మార్కులు సబ్జెక్టుల వారీగా లెక్కేసి నీకు చూపిస్తాను. చూశాక నువ్వే చెప్పు" అను. రైతు కదమ్మా ఆయన. విత్తనం కొనేముందు నాలుగు కొట్లు తిరిగే మనిషి. లెక్క చూపిస్తానంటే కాదనడం ఆయనకీ కష్టమే.

ఆ లెక్క నిజంగానే చెయ్యి. నీట్‌లో 720 మార్కులకి బయాలజీ 360, ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. నీ ఓఎంఆర్ కాపీ, ఆఖరి కీ పక్కపక్కన పెట్టుకుని రెండేళ్లవీ విడదీయి. ఫిజిక్స్ కదల్లేదని నువ్వే రాశావు కాబట్టి, పెరిగిన 71 మార్కుల్లో దాదాపు అన్నీ బయాలజీ, కెమిస్ట్రీల నుంచే వచ్చి ఉంటాయి. తర్వాత ఫిజిక్స్ పేపర్ ఒక్కటే తీసి, పోయిన ప్రశ్నల్ని మూడు కుప్పలు చెయ్యి: వచ్చి కూడా తొందరలో తప్పు పెట్టినవి, ఊహించి గీసి మైనస్ తెచ్చుకున్నవి, అసలు ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియనివి. మొదటి రెండు కుప్పలు పెద్దవైతే నాన్న మాటలో నిజముందని ఒప్పుకో. అవి ఒక ఏడాది సాధనతో సర్దుకునే తప్పులు. మూడో కుప్పే పెద్దదైతే మాత్రం, అదే హాస్టల్లో అదే మెటీరియల్‌తో మళ్లీ పది నెలలు కూర్చున్నా అది కరగడం చాలా అరుదు.

ఇరవై రెండేళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు. బయాలజీలో 300 దాటేవాడు, గుండె బొమ్మ నాకన్నా చక్కగా వేసేవాడు. మూడుసార్లు లాంగ్ టర్మ్ చేశాడు. మొత్తం మార్కులు 431, 446, 439. మూడేళ్లూ ఫిజిక్స్ యాభై లోపే. వాళ్ల నాన్నకి ఎవరూ ఆ ఫిజిక్స్ గడి ఒక్కటీ విడిగా చూపించలేదు. నేనూ చూపించలేదు. ఏటా జూన్‌లో ఆయన వచ్చి "దగ్గరికొచ్చాడు కదండీ" అని అడిగితే, "వచ్చాడండీ" అని పంపేసేదాన్ని. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూడో ఏడాది తర్వాత వాడు అగ్రికల్చర్‌కి పెడదామనుకునేసరికి వయసు దాటిపోయింది.

వయసు సంగతి మీ ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు, కానీ నీకున్న బలమైన మాట అదే. నీట్‌కి ఇప్పుడు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. అగ్రికల్చర్ బీఎస్సీకి మాత్రం ఉంది. మామూలుగా ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 22 దాటకూడదు, ఎస్సీ, ఎస్టీలకు 25. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ లైను నీ కళ్లతో చూసుకో. అంటే మీ నాన్న కోరుకుంటున్న తలుపు ఎప్పటికీ తెరిచే ఉంటుంది, నీది మూసుకుపోతుంది. ముందు మూసుకుపోయే తలుపులోంచి వెళ్లడంలో ఆయనకి పోయేదేమీ లేదు. ఈ విషయం కోపం లేని గొంతుతో, నోటిఫికేషన్ చేతికిచ్చి చెప్పు. "మరి చేరాక నీట్ రాస్తావా?" అని ఆయన అడిగితే రాస్తానని మాటివ్వకు. మొదటి సెమిస్టర్ హాజరు, ప్రాక్టికల్స్, మిడ్ పరీక్షల మధ్య నీట్ చదువు సాగదు, రెండూ చెడతాయి. రాసుకునే వీలు పోదు అని మాత్రం చెప్పు. అది నిజం కూడా.

ఇప్పుడు అసలు పని. నాన్న అన్నం ముందు నుంచి లేచిపోతున్నారంటే, ఆ మాట కోపం కన్నా లోతైనదేదో తాకుతోంది. ఒకరోజు సాయంత్రం, భోజనాల దగ్గర కాకుండా, తోటకి నీళ్లు పెట్టేటప్పుడో కళ్లంలోనో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి ఒకే ప్రశ్న అడుగు: "నేను డాక్టరే అవ్వాలని నీకు ఎప్పటినుంచి అనిపించింది నాన్నా?" ఎందుకు అని అడగకు. ఎందుకు అంటే వాదన మొదలవుతుంది, ఎప్పటినుంచి అంటే కథ వస్తుంది. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మెదపొద్దు. ఆ రోజు నీ కోర్సు పేరు కూడా తియ్యొద్దు. విని ఇంటికొచ్చెయ్యి.

నేను మాట్లాడిన తండ్రుల్లో ఎక్కువ మంది దగ్గర ఆ కథ మూడు రకాలుగా ఉండేది. కొందరి ఇంట్లో ఎవరో రాత్రిపూట జబ్బుపడి, గుంటూరు తీసుకెళ్లేలోపే దారిలో పోయి ఉంటారు. ఆ రాత్రి ఆయన చేతులు కట్టేసినట్టు కూర్చుని ఉంటాడు. ఇంకొందరిది ఊళ్లో తలెత్తుకోవడం గురించి. పాలివాళ్ల పిల్లాడు తెల్లకోటు వేసుకున్న ఫొటో వాట్సాప్‌లో తిరిగిన రోజు నుంచి వాళ్లకి నిద్రుండదు. మూడోది, ఆడపిల్లల తండ్రుల దగ్గర ఎక్కువగా విన్నది, రేపు పెళ్లయ్యాక అక్కడ ఎవరూ నా బిడ్డని మాటనకుండా దాని కాళ్ల మీద అది నిలబడాలి అన్నది. మీ నాన్నది ఏదో తెలియకుండా నువ్వెన్ని లెక్కలు చెప్పినా తగలాల్సిన చోట తగలవు. చావు చూసిన మనిషికి జీతాల లెక్కలు చెబితే అవమానంగా ఉంటుంది. ఆయన దగ్గర కూర్చుని ఆ రాత్రి గురించి మాట్లాడాలి. పరువు గురించి బాధపడే మనిషికైతే లాం ఎంత పెద్ద సంస్థో కళ్లారా చూపించాలి. లాం మిర్చి రకాలు మీ పల్నాటి రైతులకి కొత్త కాదు, ఎల్‌సీఏ 334 పేరు మీ నాన్న వినే ఉంటారు. అది పుట్టిన చోటికి ఆయన్ని తీసుకెళ్లు. వ్యవసాయ విశ్వవిద్యాలయం పెద్ద ఆఫీసు ఉన్నదీ అక్కడే.

మూడోదైతే, అంటే నీ బతుకు గురించిన బెంగైతే, ఆయనకి నిజం చెప్పాలి, తీపి చేసి చెప్పొద్దు. అగ్రికల్చర్ బీఎస్సీ నాలుగేళ్లు. అది చేతికి రాగానే ఉద్యోగం వచ్చి పడదు. వ్యవసాయాధికారి పోస్టులు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ వేస్తేనే, అదీ ఏటా రాదు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులు ఐబీపీఎస్ ద్వారా వస్తాయి, 20 నుంచి 30 ఏళ్ల వాళ్లు రాయొచ్చు. చాలామంది పిల్లలు మొదట అటే వెళ్తున్నారు. పరిశోధన వైపు వెళ్లాలంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ పీజీ పరీక్ష రాసి ఎమ్మెస్సీ చెయ్యాలి. విత్తన కంపెనీలు, మందుల కంపెనీల్లో ఉద్యోగాలున్నాయి కానీ తిరుగుడు ఎక్కువ. ఇవన్నీ రాసి, పక్కన ఎంబీబీఎస్ దారి కూడా అంతే నిజాయతీగా రాయి: నాలుగున్నరేళ్లు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత స్పెషలిస్టు కావాలంటే మళ్లీ నీట్ పీజీ. ఆ దారిలోనూ ఇరవైల చివరిదాకా పరీక్షలే. ఇది డాక్టర్లని తక్కువ చెయ్యడానికి కాదు. "డాక్టరైతే వెంటనే స్థిరపడుతుంది" అన్న లెక్క ఒక్కటే సరిచెయ్యడానికి.

ఎకరం అమ్ముతానన్నారు చూడు, అక్కడ మాత్రం మొహమాటపడకు. ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీ ఫీజు మన రాష్ట్రంలో ఏడాదికి 12 లక్షలకు పైనే. నాలుగున్నరేళ్లకు లెక్కేస్తే 54 లక్షలు దాటుతుంది. హాస్టలు, పుస్తకాలు దాని మీద. ఆయన మనసులో మొదటి ఏడాది ఫీజే ఉందేమో. మీ పొలం ధర మీకు తెలుసు, ఎన్ని ఎకరాలవుతుందో ఇద్దరూ కూర్చుని వెయ్యండి. ఈ మాట విని ఎవరో ఏజెంటు విదేశీ ఎంబీబీఎస్ సంగతి చెబుతాడు, అది చవక అంటాడు. అక్కడ చదివొచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చెయ్యాలంటే ఎఫ్‌ఎంజీఈ రాయాలి, 300 మార్కులకి 150 తెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి చూస్తే, అందులో పాసయ్యేవాళ్ల కంటే తప్పేవాళ్లే ఎక్కువ. నీట్ ఫిజిక్స్ దగ్గర ఇబ్బంది పడ్డవాళ్లని డబ్బు ఆ పరీక్షలో పాస్ చేయించలేదు.

ఇక నిన్నొక మాట అడగాలి. రేపు పొద్దున ఎవరైనా వచ్చి గవర్నమెంటు కాలేజీలో ఎంబీబీఎస్ సీటు ఉచితంగా ఇస్తామంటే తీసుకుంటావా? రాత్రి పడుకునే ముందు ఎవరూ లేనప్పుడు జవాబు చెప్పుకో. తీసుకుంటానని వస్తే, నీకు కావలసింది అగ్రికల్చర్ కాదు, లాంగ్ టర్మ్ నుంచి బయటపడటం. అందులో తప్పేమీ లేదు, కానీ నాన్నతో అదే మాట చెప్పాలి. లేనిపోని ఇష్టం చూపిస్తే ఆయన ఇట్టే పట్టేస్తారు. తీసుకోను అని వస్తే, కోర్సులో ఏముందో ఒకసారి చూడు. పువ్వు దులిపి పురుగుని చూపించడం ఎంటమాలజీ, అందులో ఒక భాగమే. సాయిల్ సైన్సు, ఆగ్రానమీ, జెనెటిక్స్, ప్లాంట్ పాథాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ కూడా చదవాలి. చివరి ఏడాదిలో రావెప్ అని ఊళ్లలో ఉండి రైతులతో పనిచెయ్యాలి. బాపట్లలోనో మహానందిలోనో చదువుతున్న అమ్మాయిని ఎవరినైనా పట్టుకుని, పొద్దున్న లేచింది మొదలు రోజంతా ఏం చేస్తారో అడుగు. ఇది నువ్వు చేశావని తెలిస్తే నాన్న దగ్గర నీ మాటకి బరువొస్తుంది.

ఎవరి చేత చెప్పించాలన్నది కూడా చూసుకోవాలి. అమ్మ చేత చెప్పించకు. అటూ ఇటూ మాటలు మోసి మోసి ఇద్దరి కోపమూ ఆవిడ మీదే పడుతుంది. ఆవిడ ఏడుస్తున్నది అందుకే కావచ్చు. అమ్మకి ముందుగా అంతా చెప్పు, కానీ "నువ్వు నాన్నతో మాట్లాడొద్దమ్మా, నేను మాట్లాడేటప్పుడు అక్కడ ఉండు చాలు" అను. మేనమామో బాబాయో మధ్యలో ఉండాలనుకుంటే, పొలం లావాదేవీల్లో నాన్న ఎవరి మాట వింటారో ఆయన్ని ఎంచుకో. నిన్ను ఎక్కువ ముద్దు చేసే మనిషి ఈ పనికి పనికిరాడు. నలుగురు చుట్టాల ముందు మాత్రం ఈ సంగతి తియ్యొద్దు. అందరి ముందు అన్న మాటని వెనక్కి తీసుకోవడం మగవాళ్లకి చాలా కష్టం, మన ఊళ్లలో మరీను.

ఆ పది రోజుల్లో ఇంకోపక్క చెయ్యాల్సిన పని ఉంది. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చినంత మాత్రాన అగ్రికల్చర్ సీటుకి నీ పేరు నమోదైనట్టు కాదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వేరు, ఇది వేరు. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఈ తేడా తెలియక మంచి ర్యాంకులున్న పిల్లలు సీటు పోగొట్టుకోవడం ప్రతి ఏడాదీ చూశాను. ఆ విశ్వవిద్యాలయంలో రైతు కోటా కూడా ఉంది. పల్లెలో చదివి, సొంత భూమి ఉన్న మీలాంటి ఇళ్ల పిల్లల కోసం పెట్టిందే అది. ఎంత భూమి ఉండాలి, ఎన్నేళ్లు పల్లెబడిలో చదివుండాలి అన్నది ఆ నోటిఫికేషన్‌లో చూసుకో. పట్టాదారు పాసుపుస్తకం, వన్-బి, చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. పాసుపుస్తకం నాన్న పేరు మీదే ఉంటుంది కాబట్టి ఆయనకి తెలియకుండా దరఖాస్తు పెట్టాలన్న ఆలోచన వద్దు. "నీ పాసుపుస్తకం వల్ల నాకు సీటు రావచ్చట నాన్నా" అని నువ్వే వెళ్లి అడుగు. ఆయన భూమి అమ్మకుండానే నీ చదువుకి పనికొచ్చే దారి అది.

ఒక జాగ్రత్త. ప్రైవేటు అగ్రికల్చర్ కాలేజీలు, పక్క రాష్ట్రాల డీమ్డ్ యూనివర్సిటీలు ఫోన్లు చేసి సీట్లిస్తామంటాయి. ఐసీఏఆర్ గుర్తింపు ఉందా అని ఒక్క ప్రశ్న అడుగు. అది లేని చోట చదివితే తర్వాత ఐసీఏఆర్ పీజీ పరీక్ష దగ్గరా, కొన్ని సర్కారు పోస్టుల దగ్గరా ఆగిపోతావు. "త్వరలో వస్తుంది" అంటే లేదనే అర్థం.

ఇంత చేసినా నాన్న ఒప్పుకోకపోవచ్చు. నువ్వు మేజరువి, కానీ ఫీజు కట్టేది ఆయన, ఉండేది ఆ ఇంట్లో. ఆ నిజాన్ని దాచి నీకు ధైర్యం చెప్పలేను. ఒప్పుకోక తప్పని పరిస్థితే వస్తే, ఇంకో ఏడాదికి ఊరికే సరే అనకు. కాగితం మీద నాలుగు వాక్యాలు రాయి: ఇది ఆఖరి ఏడాది. అదే హాస్టలు కాకుండా, ఫిజిక్స్‌కి విడిగా చెప్పించాలి. సంక్రాంతి నాటికి గ్రాండ్ టెస్టుల్లో ఫిజిక్స్ 90 దాటకపోతే ఆ రోజు నుంచి ఈఏపీసెట్ మీదే దృష్టి. మెడికల్ సీటు రాకపోతే వచ్చే ఏడాది అగ్రికల్చర్ దరఖాస్తు మీద నాన్నే సంతకం పెడతారు. బాబాయినో మామయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ సంతకాలు చెయ్యండి. తండ్రీ కూతుళ్ల మధ్య కాగితమేంటని ఎవరైనా అంటే, కౌలుకిచ్చేటప్పుడు అన్నదమ్ముల మధ్య కూడా రాసుకుంటాం కదా అని చెప్పు. మా కాలేజీలో ఆ అబ్బాయికి అలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే మూడో ఏడాది ఉండేదే కాదు.

ఈ గొడవలో ఎప్పుడైనా, నాన్న నోటి నుంచి గానీ నీ మనసులో గానీ, చచ్చిపోతే బావుండు అన్న మాట వస్తే ఇదంతా పక్కన పెట్టి టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్యి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. హాస్టళ్లలో ఆ మాటని ఊరికే అన్నారులే అని వదిలేసిన రోజులు నాకు తెలుసు.

రేపు పొద్దున చేయగలిగిన పని ఒకటుంది. నీ ఇంటర్ మెమో, టీసీ, పదో తరగతి ఒరిజినల్స్ ఇంట్లో ఉన్నాయా, కాలేజీలోనే ఉండిపోయాయా చూడు. చాలా కాలేజీలు ఏదో బాకీ పేరు చెప్పి వాటిని దగ్గరే పెట్టుకుంటాయి, కౌన్సెలింగ్ రోజున పిల్లలు గేటు దగ్గర నిలబడి ఏడుస్తారు. అక్కడే ఉంటే నాన్ననే వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చుకో. లాంగ్ టర్మ్‌లో చేరినా అవి కావాల్సిందే కాబట్టి ఆ ప్రయాణానికి ఆయన అభ్యంతరం చెప్పరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు కదా, ఆ ఎప్పటినుంచి అన్న ప్రశ్న అక్కడ అడుగు.